టికెట్ మొత్తం అమ్మకమా, కమీషన్ మాత్రమే ఆదాయమా: ట్రావెల్ ఏజెంట్‌కు ఏది మేలు?

విమాన టికెట్లు అమ్మే చిన్న ఏజెన్సీల లెక్కలు చూసేవాళ్లకి ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఏజెన్సీ ఏడాదిలో 6 కోట్ల రూపాయల టికెట్లు అమ్మింది. కమీషన్, సర్వీస్ ఛార్జీ కలిపి చేతిలో మిగిలింది 21 లక్షలు. అద్దె, జీతాలు పోగా లాభం 6 లక్షలు. లాభనష్టాల ఖాతాలో పై వరుసలో ఏం రాయాలి, 6 కోట్లా, 21 లక్షలా? ఎలా రాసినా లాభం 6 లక్షలే. అయినా యజమానికి 6 కోట్లే ఇష్టం, ఎందుకంటే బ్యాంకులో లిమిట్ పెంచుకోవాలి. చిన్న పరిశ్రమలకు, వ్యాపారాలకు టర్నోవర్‌లో 20 శాతం వర్కింగ్ క్యాపిటల్ లెక్కగట్టే నాయక్ కమిటీ పద్ధతి మన బ్యాంకుల్లో ఉంది. 6 కోట్ల మీద అది 1.2 కోట్లు. 21 లక్షల మీద 4.2 లక్షలు. ఇంత తేడా కనిపిస్తుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

ముందు ఒక్క టికెట్ తీసుకుందాం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి టికెట్ 9,000. అందులో బేసిక్ ఫేర్ 7,500, మిగతావి పన్నులు, ఎయిర్‌పోర్ట్ ఛార్జీలు. ఎయిర్‌లైన్ బేసిక్ ఫేర్ మీద 2 శాతం, అంటే 150 కమీషన్ ఇస్తోందనుకోండి. ఏజెంట్ కస్టమర్ దగ్గర 200 సర్వీస్ ఛార్జీ తీసుకున్నాడు. కస్టమర్ ఇచ్చింది 9,200, ఎయిర్‌లైన్‌కి పోయింది 8,850, మిగిలింది 350. ఏజెంటుగా రాస్తే ఆదాయం 350. మిగతా 8,850 చేతుల మీదుగా వెళ్లిపోయిన డబ్బు. అది ఎయిర్‌లైన్‌కి ఇవ్వాల్సిన బాకీగా బ్యాలెన్స్ షీట్లో ఉండి, చెల్లించగానే పోతుంది. సొంత వ్యాపారిగా రాస్తే అమ్మకం 9,200, కొనుగోలు 8,850.

ఈ రెండిట్లో ఏది రాయాలన్నది మన ఇష్టం కాదు. చిన్న సంస్థలు పాటించే లెక్కల ప్రమాణం ఏఎస్ 9 ఒక్క వాక్యంలో తేల్చేస్తుంది: ఏజెన్సీ సంబంధం ఉన్నచోట ఆదాయం అంటే కమీషనే, వసూలైన మొత్తం కాదు. లిస్టయిన కంపెనీలకు, పెద్ద కంపెనీలకు 2018 ఏప్రిల్ నుంచి వర్తిస్తున్న ఇండ్ ఏఎస్ 115 ఇంకొంచెం లోతుకి వెళ్తుంది. కస్టమర్ చేతికి చేరేలోపు ఆ వస్తువు మీద, ఆ సేవ మీద నియంత్రణ నీకు ఉందా అని అడుగుతుంది. దానికి సూచికలుగా మూడు చెబుతుంది: సేవ అందించే ప్రధాన బాధ్యత ఎవరిది, అమ్ముడుపోకపోతే నష్టం ఎవరిది, ధర పెట్టే స్వేచ్ఛ ఎవరిది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ తెలిసినవాళ్లకి ఇది కొత్త సంగతేం కాదు. అక్కడ అడ్తిదారు రైతు సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకుంటాడు. ఖరీదుదారు సొంత డబ్బుతో కొంటాడు, రేటు పడిపోతే నష్టం ఆయనదే. ఆదాయపు పన్ను శాఖ కూడా 1986లో 452వ నంబరు సర్క్యులర్‌లో ఇలాంటి గీతే గీసింది. ఇతరుల తరఫున సరుకు అమ్మిపెట్టే కచ్చా అడ్తిదారుకి టర్నోవర్ అంటే కమీషనే అంది. సొంతంగా బాధ్యత తలకెత్తుకునే పక్కా అడ్తిదారుకి అమ్మకం మొత్తం టర్నోవరే అంది.

ఏజెంట్లు పొరబడేది మూడు చోట్ల. మొదటిది, డబ్బు నా ఖాతాలోకే వచ్చింది, బిల్లు నా పేరుతోనే ఇచ్చాను కాబట్టి అమ్మకం నాదే అనుకోవడం. డబ్బు ఎవరి ఖాతాలో పడిందన్నది ఈ ప్రశ్నకి జవాబివ్వదు. రెండోది, చిన్న ఏజెంట్లకి టికెట్లు ఇచ్చే కన్సాలిడేటర్ వాలెట్‌లో ముందే డబ్బు వేశాను, కస్టమర్‌కి నెల అరువిచ్చాను, మునిగితే నేనే మునుగుతాను అనే వాదన. ఇది వినడానికి బలంగా ఉంటుంది. కానీ అరువు వసూలు కాకపోవడం వేరు, సీటు అమ్ముడుపోకపోవడం వేరు. ఇండ్ ఏఎస్ 115కి మూలమైన అంతర్జాతీయ ప్రమాణం మొదటి రూపంలో అరువు రిస్కు కూడా ఒక సూచికగా ఉండేది. 2016 సవరణల్లో దాన్ని తీసేశారు.

మూడోది అన్నిటికంటే చిక్కైనది: నెట్ ఫేర్ మీద మార్కప్. ఎయిర్‌లైన్ ఏజెంట్‌కి ఒక నెట్ రేటు ఇస్తుంది, ఏజెంట్ పైన తనకి నచ్చినంత వేసుకుని అమ్ముతాడు. ధర నేనే పెట్టాను కాబట్టి వ్యాపారం నాదే కదా? సింగపూర్ ఎయిర్‌లైన్స్ కేసులో సుప్రీంకోర్టు 2022 నవంబరులో చెప్పింది సరిగ్గా ఈ తేడా గురించే. అది లెక్కల ప్రమాణం గురించిన కేసు కాదు, టీడీఎస్ కేసు. నెట్ ఫేర్‌కీ, ఏజెంట్ అమ్మిన ధరకీ మధ్య మిగిలిన సొమ్ము కమీషనేనా అన్నది ప్రశ్న. కమీషనే అని కోర్టు తేల్చింది. టికెట్ల మీద హక్కు ఏ దశలోనూ ఏజెంట్‌కి రాలేదు, అవి చివరిదాకా ఎయిర్‌లైన్‌వే అన్నది కారణాల్లో ఒకటి. లెక్కలు రాసేటప్పుడు కూడా ఈ తర్కమే నిలుస్తుంది. కస్టమర్ అడిగాక టికెట్ తీసి, ఆ నిమిషంలోనే అతనికి ఇచ్చేస్తే, మధ్యలో క్షణంపాటు అది మీ చేతిలో ఉన్నట్టు కనిపించినా నియంత్రణ మీదైనట్టు కాదు.

మరి మొత్తం ధర రాయడం ఎప్పుడు న్యాయం? సీట్లు ముందే కొని పెట్టుకున్నప్పుడు. ట్రేడ్‌లో సిరీస్ ఫేర్ అంటారు, ఫిక్స్‌డ్ డిపార్చర్ అంటారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విశాఖకి ఒక ఏజెంట్ 20 సీట్లు ఒక్కోటి 6,000 చొప్పున తీసుకున్నాడు. మొత్తం 1,20,000 కట్టాలి, అమ్ముడుపోయినా పోకపోయినా తిరిగిరాదు. రేటు తానే పెట్టుకున్నాడు. 17 సీట్లు 7,800కి పోయాయి, 3 మిగిలిపోయాయి. ఇక్కడ అమ్మకం 1,32,600. అమ్మిన సీట్ల ఖర్చు 1,02,000, వాటి మీద మిగులు 30,600. మిగిలిపోయిన మూడు సీట్ల 18,000 నష్టం పోగా నికరం 12,600.

ఇదే వ్యవహారాన్ని కమీషన్ పద్ధతిలో 12,600 అని ఒక్క ముక్కలో రాస్తే లాభం సరిపోతుంది, కానీ అసలు కథ మాయమవుతుంది. 18,000 రూపాయల సీట్లు గాల్లో ఖాళీగా ఎగిరాయన్న సంగతి చదివేవాడికి తెలియదు. ఇంకో ఏడాది 10 సీట్లు మిగిలితే 78,000 వసూలై, 42,000 నష్టం వస్తుంది. కమీషన్‌లో నష్టం ఏమిటని బ్యాంకు మేనేజరు అడిగితే జవాబుండదు. ఈ వ్యాపారానికి మొత్తం ధరే నిజం చెప్పే లెక్క.

ఇక్కడ ఒక అభ్యంతరం తరచూ వినిపిస్తుంది. విమానం నడిపేది ఎయిర్‌లైన్, ఆలస్యమైతే జవాబు చెప్పేది ఎయిర్‌లైన్, అలాంటప్పుడు ఏజెంట్ ప్రిన్సిపల్, అంటే సొంత వ్యాపారి, ఎలా అవుతాడు? ఇండ్ ఏఎస్ 115తో పాటు ఇచ్చిన ఉదాహరణల్లో 47వది అచ్చంగా ఈ విషయమే. ఒక సంస్థ ఎయిర్‌లైన్ల నుంచి తగ్గింపు ధరకి టికెట్లు కొంటుంది, అమ్మినా అమ్మకపోయినా డబ్బు కట్టాలి, రేటు తనిష్టం. ప్రయాణంలో వచ్చే ఇబ్బందులకి బాధ్యత ఎయిర్‌లైన్‌దే. అయినా ఆ సంస్థ ప్రిన్సిపల్ అనే తేల్చారు. అది అమ్ముతున్నది విమానం నడపడాన్ని కాదు, ఫలానా విమానంలో ప్రయాణించే హక్కుని. ఆ హక్కు కస్టమర్ కంటే ముందు దాని చేతిలో ఉంది. అందుకే ఆదాయం కూడా టికెట్ కస్టమర్ పేరున మారినప్పుడే వస్తుంది, విమానం లేచేదాకా ఆగక్కర్లేదు.

అయితే గ్రూప్ బుకింగ్ అన్నంత మాత్రాన సిరీస్ కాదు. ఒప్పందం చదవాలి. కొన్ని గ్రూప్ పీఎన్నార్‌లలో ఫలానా తేదీలోగా సీట్లు వెనక్కి ఇచ్చేయొచ్చు, డిపాజిట్ కూడా తిరిగొస్తుంది. కస్టమర్ దొరికిన సీట్లకే పేర్లు ఇచ్చి మిగతావి వదిలేసే ఏజెంట్‌కి సీటు మిగిలిపోయే రిస్కు లేనట్టే. అతని ఆదాయం కమీషనే. ఆ తేదీ దాటి సీట్లు తనదగ్గర ఉంచుకున్నవాడి పరిస్థితి వేరు. కాబట్టి ఆడిటర్ ముందు పెట్టాల్సిన కాగితం ఇన్‌వాయిస్ కాదు, ఆ గడువు తేదీ, రిఫండ్ షరతు ఉన్న మెయిలు.

తప్పుగా రాసిన లెక్క పట్టుబడే చోటు మాత్రం చాలాసార్లు పన్ను శాఖ దగ్గరుండే మీ టీడీఎస్ వివరాల పట్టిక, 26ఏఎస్. కన్సాలిడేటర్ మీకిచ్చిన సొమ్ము మీద కమీషన్ కింద టీడీఎస్ కోశాడు, 2024 అక్టోబర్ నుంచి అది 2 శాతం. ఒకపక్క పన్ను శాఖ రికార్డులో మీరు కమీషన్ ఏజెంటు, ఇంకోపక్క మీ లెక్కల్లో 6 కోట్ల వ్యాపారి. నోటీసుకి ఈ ఒక్కటి చాలు. ట్యాక్స్ ఆడిట్ సంగతీ ఉంది. నగదు లావాదేవీలు 5 శాతం దాటితే పరిమితి కోటి రూపాయలే. 21 లక్షల కమీషన్‌కి పడని ఆడిట్‌ని 6 కోట్ల అంకె రాసి కొనితెచ్చుకున్నట్టు.

జీఎస్టీలో ఇంకో అంకె వస్తుంది, దానితో కంగారు పడకూడదు. ఎయిర్ ట్రావెల్ ఏజెంట్ తన బుకింగ్ సేవ విలువని దేశీయ టికెట్‌కి బేసిక్ ఫేర్‌లో 5 శాతంగా, అంతర్జాతీయ టికెట్‌కి 10 శాతంగా లెక్కించుకునే వీలు నిబంధనల్లో ఉంది. మన ఢిల్లీ టికెట్‌కి అది 7,500లో 5 శాతం, అంటే 375. దాని మీద 18 శాతం పన్ను 67.50. పుస్తకాల్లో ఆదాయం 350, రిటర్న్‌లో విలువ 375. రెండూ సరైనవే, పన్ను కోసం అనుకున్న విలువ ఆదాయం కానక్కర్లేదు. ఏడాది చివర ఈ తేడాకి ఒక పట్టిక ఉంచుకుంటే చాలు. సిరీస్ సీట్లకి ఈ దారి వర్తిస్తుందని మాత్రం అనుకోవద్దు. వాటి పన్ను సంగతి సీట్లు కొనేముందే తేల్చుకోవాలి, అమ్మాక కాదు.

నా అభిప్రాయం అడిగితే, రోజువారీ టికెట్లకి కమీషన్ పద్ధతే, సిరీస్ సీట్లకే మొత్తం ధర. రెండూ చేసే ఏజెన్సీ ట్యాలీలో రెండు వేర్వేరు గ్రూపులు పెట్టుకోవాలి. ఒకదాంట్లో ‘కమీషన్, సర్వీస్ ఛార్జీలు’, ఇంకోదాంట్లో ‘సిరీస్ సీట్ల అమ్మకాలు’, దాని పక్కన కొనుగోళ్లు. మార్చి 31న చేతిలో ఉండి ఏప్రిల్‌లో ఎగరాల్సిన సీట్లు స్టాకుగా చూపాలి, రేటు పడిపోయి ఉంటే ఆ తగ్గిన విలువకే.

బ్యాంకు లిమిట్ కోసం తపన పడేవాళ్లకి దారి లేకపోలేదు. మొత్తం బుకింగ్ విలువని లాభనష్టాల ఖాతాలో కాకుండా విడిగా, ఎయిర్‌లైన్ వారీగా, నెలవారీగా ఒక స్టేట్‌మెంట్‌గా ఇవ్వొచ్చు. పెద్ద ఆన్‌లైన్ ట్రావెల్ కంపెనీలు కూడా ఇన్వెస్టర్లకి బుకింగ్‌ల అంకెని ఆదాయం నుంచి విడిగానే చెబుతాయి. ఈ వ్యాపారంలో డబ్బు అవసరం పడేది వాలెట్ నింపిన రోజుకీ, కార్పొరేట్ కస్టమర్ చెల్లించే రోజుకీ మధ్య. అది ఎన్ని రోజులో, రోజుకి సగటున ఎంత ఇరుక్కుంటోందో చూపిస్తే, టర్నోవర్ పద్ధతి పక్కన పెట్టి నగదు ప్రవాహం మీద లిమిట్ అడగొచ్చు. 6 కోట్ల బుకింగ్‌ల్లో సగం 30 రోజుల అరువు మీద పోతుంటే, ఏ రోజు చూసినా బయట ఉండేది సుమారు 25 లక్షలు. మేనేజరు ముందు పెట్టాల్సిన అంకె అదే.