బేసిక్ ఈపీఎస్, డైల్యూటెడ్ ఈపీఎస్: వాటాదారు ఏది నమ్మాలి?

కంపెనీ లాభనష్టాల పట్టిక అడుగున ఈపీఎస్, అంటే ఒక్కో షేరుకు వచ్చిన లాభం, రెండు అంకెలుగా ఒకదాని కింద ఒకటి ఉంటుంది. బేసిక్ ఈపీఎస్ 10.00, డైల్యూటెడ్ ఈపీఎస్ 9.30 అనుకుందాం. చాలామంది మొదటిది చూసి పేజీ తిప్పేస్తారు. నేనైతే ముందు ఆ 70 పైసలు ఎక్కడికి పోయాయో వెతుకుతాను.

బేసిక్ లెక్కలో మెలికలు లేవు. నికర లాభంలోంచి ప్రిఫరెన్స్ డివిడెండు తీసేసి, ఆ ఏడాది వాటాదారుల చేతిలో ఉన్న షేర్ల సగటుతో భాగిస్తారు. మన ఊహా కంపెనీ లాభం 10 కోట్ల రూపాయలు, షేర్లు కోటి. ప్రిఫరెన్స్ షేర్లు లేవు కాబట్టి షేరుకు 10 రూపాయలు. జరిగిన దానికి ఇది నిఖార్సయిన లెక్కే. అయితే ఈ కంపెనీ రెండు మాటలు ఇచ్చి ఉంది, అవి ఇందులో కనిపించవు. ఉద్యోగులకు 60 రూపాయల చొప్పున 10 లక్షల షేర్లు కొనుక్కునే ఆప్షన్లు ఇచ్చింది. 8 శాతం వడ్డీతో 10 కోట్ల రూపాయల కన్వర్టిబుల్ డిబెంచర్లు, అంటే షేర్లుగా మార్చుకోదగ్గ అప్పు పత్రాలు కూడా జారీ చేసింది. వాటిని పట్టుకున్నవాళ్లు ఎప్పుడైనా 10 లక్షల షేర్లుగా మార్చుకోవచ్చు.

డైల్యూటెడ్ అంటే పలచబడినది. ఆ లెక్క ఈ మాటలు ఏడాది మొదట్లోనే నెరవేరాయనుకుంటుంది. ముందు ఆప్షన్లు. ఉద్యోగులు కట్టే సొమ్ము 6 కోట్లు. ఏడాది సగటు మార్కెట్ ధర 100 అయితే, ఆ డబ్బుతో కంపెనీ 6 లక్షల షేర్లు తిరిగి కొనేసినట్టు భావిస్తారు. దీన్నే ట్రెజరీ స్టాక్ పద్ధతి అంటారు. మిగిలిన 4 లక్షలే కొత్త షేర్లుగా లెక్కలోకి వస్తాయి, ఈపీఎస్ 9.62కు దిగుతుంది. తరువాత డిబెంచర్లు. అవి షేర్లయితే 80 లక్షల వడ్డీ కట్టనక్కర్లేదు. 25 శాతం పన్ను పోను లాభానికి 60 లక్షలు కలుస్తాయి, షేర్లకు 10 లక్షలు కలుస్తాయి. 10.6 కోట్లను కోటీ 14 లక్షలతో భాగిస్తే 9.30.

షేరుకు ఎంత ధర పెట్టవచ్చో చూసేటప్పుడు నా ఓటు డైల్యూటెడ్‌కే. 100 రూపాయల షేరు బేసిక్ ప్రకారం లాభానికి 10 రెట్లు, డైల్యూటెడ్ ప్రకారం దాదాపు 10.75 రెట్లు. కొనేవాడు చెల్లిస్తున్నది రెండోదే.

అలాగని డైల్యూటెడ్ అంకె అన్నీ చెప్పేస్తుందనుకోవద్దు. 6 లక్షల షేర్లు తిరిగి కొనడం కాగితం మీది ఊహ. కంపెనీ నిజంగా కొనకపోతే వాటాదారుల మధ్యకు వచ్చేవి 10 లక్షల షేర్లు. అప్పుడు మొత్తం కోటీ 20 లక్షలై, షేరుకు 8.83 మిగులుతుంది. చేతికొచ్చిన 6 కోట్లు కంపెనీకి ఎంతో కొంత సంపాదించిపెడతాయి కాబట్టి నష్టం అంత ఉండకపోవచ్చు. కానీ ఆ సంపాదన ఈ లెక్కలో లేదు, ఆ షేర్లూ లేవు. పైగా ధర పెరిగే కొద్దీ కోత పెరుగుతుంది. సగటు ధర 200 అయితే 6 కోట్లకు 3 లక్షల షేర్లే వస్తాయి, కొత్తవి 7 లక్షలవుతాయి, అంకె 9.06కు జారుతుంది. వ్యాపారంలో ఏమీ మారకుండానే, షేరు ధర పెరిగినందుకే ఈపీఎస్ తగ్గిందన్నమాట.

అంతకన్నా తెలివైన దాగుడుమూత మరొకటుంది. అవే డిబెంచర్లకు వడ్డీ 16 శాతం అనుకోండి. పన్ను పోను ఆదా 1.2 కోట్లు, అంటే కొత్త షేరు ఒక్కింటికి 12 రూపాయలు. వాటిని కలిపితే ఈపీఎస్ తగ్గకపోగా పెరుగుతుంది. అలా పెంచేవాటిని కలపకూడదన్నది నిబంధన, అందుకే పక్కన పెట్టేస్తారు. అంకె 9.62 దగ్గరే ఆగుతుంది, 10 లక్షల షేర్ల మాట మాత్రం అలాగే ఉంటుంది. నష్టాల్లో ఉన్న కంపెనీలో ఇది పరాకాష్ఠకు చేరుతుంది. షేర్లు పెరిగితే షేరుకు నష్టం తగ్గినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆప్షన్లేవీ కలపరు. బేసిక్, డైల్యూటెడ్ ఒకే అంకెగా కనిపిస్తాయి. ఉద్యోగులకు ఆప్షన్లు ధారాళంగా పంచిన కంపెనీలో ఆ సమానత్వం చూసి పలచన లేదనుకుంటే పప్పులో కాలేసినట్టే.

అందుకే అంకెల దగ్గర ఆగకుండా ఆర్థిక నివేదికలోని ఈపీఎస్ నోటు తెరుస్తాను. లెక్కలో కలపకుండా వదిలేసిన ఆప్షన్లు, మార్పిడి పత్రాల వివరాలు అక్కడ ఉంటాయి. వాటిని ఇప్పుడున్న షేర్ల పక్కన పెట్టి ఎన్ని శాతమో చూస్తాను. తరువాత నగదు ప్రవాహ పట్టికలో కంపెనీ తన షేర్లను తిరిగి కొనే బైబ్యాక్‌కు ఎంత పోసిందో చూస్తాను. ఏటేటా కొన్నా షేర్ల సంఖ్య కదలకపోతే, ఆ డబ్బు ఆప్షన్ల ద్వారా వచ్చిన కొత్త షేర్లను పీల్చుకోవడానికే సరిపోయిందని అర్థం. ఆ ఖర్చు రెండు ఈపీఎస్‌లలో దేనిలోనూ విడిగా కనబడదు.