పేరు చెరిగిన మిక్సీతో పధ్నాలుగేళ్లు

మా మిక్సీ ఏ కంపెనీదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ముందున్న పేరు ఊడిపోయి చాలా ఏళ్లయింది. జార్ల మీది స్టిక్కర్లు తోమి తోమి అంతకు ముందే పోయాయి. అయినా నేను దీన్ని వదలను, కారణం కప్లరు. మోటారు మీద ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ గిన్నెలో పళ్లుంటాయి, జారు కింది చక్రం వాటిలో కూర్చుంటుంది. పిండి బిగుసుకుంటే ముందు ఆ పళ్లే తెగి మోటారును కాపాడతాయి. కొత్తది చవక. పళ్లు లెక్కపెట్టుకుని వెళ్తే చాలు, కంపెనీ పేరుతో పని లేదని మా రాజోలులో తెలిసినవాళ్లందరికీ చెప్పేదాన్ని.

పోయిన దసరాలకి గారెల పిండి రుబ్బుతున్నాను. నీళ్లు పోస్తే గారె నూనె పీల్చేస్తుందని గట్టిగానే వేశాను. టపటపమని చప్పుడొచ్చి మోటారు తిరుగుతోంది గానీ బ్లేడు కదలట్లేదు. చూస్తే కప్లరు పళ్లు తెగిపోయాయి. షాపుకెళ్తే మొదటి ప్రశ్నే "ఏ కంపెనీదండీ?". పేరు లేదండీ, ఆరు పళ్లు అన్నాను. ఆయన ఆరు పళ్లది ఇచ్చాడు. ఇంటికొచ్చి పెడితే జారు చక్కగా కూర్చుంది, నాకు మహా సంతోషం. మూడో రోజు కొబ్బరి పచ్చడి తిప్పుతుంటే కాలిన వాసన, జారు తీస్తే చుట్టూ నల్లటి పొడి.

ఈసారి జారూ, మిక్సీ రెండూ పట్టుకుని అమలాపురంలో రిపేర్లు చేసే ఒక పెద్దాయన దగ్గరికెళ్లాను. ఆయన కప్లరును వెలుగులోకి పట్టి చూపించాడు. పళ్లన్నీ పై అంచు దగ్గరే అరిగాయి, అడుగు భాగం కొత్తదానిలా మెరుస్తోంది. "లెక్క సరిపోయిందండి, ఎత్తు సరిపోలేదు. మీ జారు చక్రం దీన్ని కొసల్తోనే పట్టుకుందండి" అన్నాడు. తర్వాత ఇంకో కప్లరు తీసి, పళ్ల మీద వేలితో కాస్త తడి పసుపు రాసి, జారు పెట్టి పైకెత్తాడు. జారు చక్రం మీద పసుపు దాదాపు మొదలు దాకా అంటింది. అదీ మనకి కావలసిన గుర్తు. జారు పూర్తిగా కిందికి దిగి మిక్సీకి ఆనాలి కూడా. సందు కనిపిస్తే కప్లరు మరీ ఎత్తు. పెట్టాక చేత్తో అటూ ఇటూ తిప్పితే కొద్దిగా మాత్రమే ఆడాలి.

పాత కప్లరు విప్పడానికి మొదట్లో మావారు మామూలు స్క్రూలాగే ఎడమవైపు తిప్పి ఇంకా బిగించేశారు. పెద్దాయన జారులోకి చూసి బ్లేడు పదును ఏ వైపుందో గమనించాడు. పదునున్న అంచు ముందుకు నడుస్తుంది కాబట్టి మిక్సీ ఆ వైపే తిరుగుతుంది. మోటారు మీద స్క్రూలా బిగించే కప్లరును, మిక్సీ కింద మూత విప్పి మోటారు షాఫ్టు కదలకుండా పట్టుకుని, మోటారు తిరిగే వైపుకే తిప్పితే ఊడుతుంది. మాది గడియారం ముల్లు తిరిగే వైపు. ప్లగ్గు తీసే ఇదంతా చేయాలి.

మా తోడికోడలు గారి పాత జార్లు మావాటిలో కలిసిపోయాయి, వాటినీ ఆయనే విడదీశాడు. మావాటిలో పెద్ద జారులో వెడల్పు బ్లేడు అడుగుకి దగ్గరగా, పెద్దగా వంపు లేకుండా ఉంది, అది పిండి జారు. బ్లేడు కొసలు కొన్ని పైకీ కొన్ని కిందికీ వంగి ఉన్నది కారాలు, పొడులు కొట్టేది. చిన్న గిన్నెలో పొట్టి బ్లేడున్నది పచ్చళ్లది. వాటిలో ఒక జారు బ్లేడు చేత్తో తిప్పితే కదల్లేదు, బ్లేడు తిరిగే బుష్‌లో పాత పిండి ఎండిపోయింది. అలాంటి జారు పెడితే ఎంత మంచి కప్లరైనా పళ్లు తెగుతాయని దాన్ని పక్కన పెట్టించాడు.

అందుకే ఇప్పుడు "పళ్లు లెక్కపెట్టుకుంటే చాలు" అనడం మానేశాను. పాత కప్లరూ, జారూ రెండూ సంచిలో వేసుకుని వెళ్లమంటున్నాను. ఆకారం చూస్తే ఏది దేనికి పడుతుందో తెలుస్తుంది గానీ ఏ కంపెనీదో తెలియదు. ఒకే రకం పళ్లు చాలామంది చేస్తారు.

రెండో కప్లరు వేసి ఏడాది కావస్తోంది, నల్లపొడి లేదు. మేమిద్దరమే ఉంటాం, ఇడ్లీ పిండి గ్రైండర్లో వేస్తాం, మిక్సీకి పచ్చళ్లూ పొడులే పని. రోజూ రెండు కిలోల మినప్పప్పు రుబ్బే ఇల్లయితే ఇలా పేరు తెలియని మిక్సీని పట్టుకుని ఉండమని నేను చెప్పలేను. గారెల పిండి మాత్రం ఈ మధ్య కొంచెం కొంచెంగా, రెండు మూడు సార్లుగా వేస్తున్నాను.