వరసగా చచ్చేవాడికి బాస్‌ను ఎలా తగ్గించాలి: హెల్త్‌లోనా, దెబ్బలోనా, టైమింగ్‌లోనా?

గేమ్స్ చేసే మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఒకే బాస్ దగ్గర నాలుగైదుసార్లు చచ్చినవాడికి, వాడికి తెలియకుండా బాస్‌ను కొంచెం తగ్గించాలనుకుంటాం. మరి ఏది తగ్గించాలి? కావలిలో మా ఇంట్లో కూర్చుని చేస్తున్న ఫోన్ గేమ్‌లో ఈ మధ్యే నేనూ దీన్ని తేల్చుకోవాల్సి వచ్చింది.

మా గేమ్‌లో ఉదయగిరి కోట మీద గదతో కాపలా కాసే బాస్ ఉన్నాడు. హెల్త్ 600. కత్తి దెబ్బకు 50 పోతుంది కాబట్టి 12 దెబ్బలకు పడిపోతాడు. మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను: మూడో చావు తర్వాత హెల్త్‌ను 550కి దించాను. దసరా సెలవుల్లో మా అక్క పిల్లలిద్దరూ రెండు ఫోన్లలో పక్కపక్కన కూర్చుని ఆడారు. చిన్నవాడు గెలిచి కేక పెట్టగానే పెద్దవాడు వాడి ఫోన్ లాక్కుని చూశాడు. "అబ్బయ్యా, వీడికి పదకొండుకే పడ్డాడు. నాకు పన్నెండు కొట్టాల్సొచ్చింది. ఏంది మామా ఇది?" అన్నాడు. చిన్నవాడి ముఖం వాడిపోయింది. గెలిచిన గెలుపు వాడిది కాకుండా పోయింది.

అప్పుడు అర్థమైంది. తాను కొట్టే దెబ్బల్ని ఆటగాడు లెక్కపెడతాడు. పదిసార్లు చచ్చినవాడైతే ఇంకా గట్టిగా లెక్కపెడతాడు. పోనీ 560కి దించితే? అప్పటికీ 12 దెబ్బలే, తేడా ఏమీ రాదు. అంటే హెల్త్ తగ్గిస్తే కొన్నిసార్లు పని చేయదు, పని చేసినప్పుడు దొరికిపోతుంది.

బాస్ కొట్టే దెబ్బ సంగతి వేరు. ఆటగాడి హెల్త్ 100, గద దెబ్బకు 28 పోతుంది, అంటే నాలుగో దెబ్బకు చావు. 26కి తగ్గించినా నాలుగో దెబ్బకే పోతాడు. 24 చేస్తే నాలుగు దెబ్బలు తిన్నాక కూడా 4 మిగులుతుంది. ఇక్కడ శాతాలు చూడకూడదు, ఎన్నో దెబ్బకు చస్తాడో చూడాలి. పడే దెబ్బలు ఒక వరసలో రావు, పైగా ఆ కంగారులో ఎవరూ లెక్కపెట్టరు. "అబ్బ, చావుతప్పి బయటపడ్డా" అనుకుంటారు, అంతే. ఒక్క షరతు: దెబ్బ విలువను స్క్రీన్ మీద అంకెల్లో చూపించకూడదు. చూపిస్తే 28, 24 తేడా వెంటనే పట్టుకుంటారు.

నా దృష్టిలో అసలు తేల్చేది టైమింగ్. గేమ్ చేసేవాళ్లలో ఎక్కువమంది పొరపాటు పడేదీ ఇక్కడే. బాస్ గద ఎత్తిన 0.6 సెకన్లకు దెబ్బ పడుతుంది. చచ్చి చచ్చి ఆటగాడు నేర్చుకున్నది ఇదే: 0.5 దగ్గర తప్పుకునే బటన్ నొక్కాలి. తప్పుకున్నాక 0.3 సెకన్ల పాటు దెబ్బ తగలదు. పాపం కదా అని మనం గద ఎత్తే సమయాన్ని 0.9కి సాగదీస్తే, వాడు అలవాటుగా 0.5కే నొక్కుతాడు. రక్షణ 0.8కి అయిపోతుంది, 0.9కి గద నెత్తిన పడుతుంది. సాయం చేద్దామని చేతికి వచ్చిన విద్యను చెడగొట్టినట్టు అవుతుంది. ఇలాంటి తప్పు జరిగిందో లేదో రికార్డులో తెలుస్తుంది: తగ్గించిన తర్వాత వచ్చే చావుల్లో బటన్ తొందరగా నొక్కినవి పెరుగుతాయి.

కాబట్టి గద ఎత్తడాన్ని ముట్టుకోకూడదు. గద దించాక మళ్లీ ఎత్తేదాకా ఉండే విరామాన్ని పెంచాలి. మా గేమ్‌లో అది 1.6 సెకన్లు. కత్తి ఒక్క వేటుకు 0.7 పడుతుంది. రెండు వేట్లు వేశాక వెనక్కి జరగడానికి 0.2 మాత్రమే మిగిలేది. విరామం 1.9 చేశాను. ఇప్పటికీ రెండు వేట్లే పడతాయి గానీ, వెనక్కి జరగడానికి 0.5 ఉంటుంది. 2.1 చేస్తే మాత్రం మూడో వేటు పడుతుంది, దాంతో గుట్టు బయటపడుతుంది.

ఇక మిగతా దారులు. క్రాష్ బ్యాండికూట్‌లో లాగా పదే పదే చచ్చినవాడికి రక్షణ ముసుగు ఇవ్వొచ్చు, పరుగుల ఆటలకు అది బాగానే ఉంటుంది. హేడిస్‌లో గాడ్ మోడ్ బహిరంగమే: 20 శాతం రక్షణతో మొదలై, చచ్చిన ప్రతిసారీ 2 శాతం చొప్పున 80 దాకా పెరుగుతుంది. ఆటగాడే ఎంచుకునేది కాబట్టి అక్కడ దాచాల్సిన అవసరమే లేదు.

చివరికి నేను పెట్టుకున్నది ఇది. మూడో చావుకు విరామం 1.9, ఐదో చావుకు దెబ్బ 24, అంతకు మించి తగ్గింపు లేదు. బాస్ దాకా రాకుండా లోయలో పడి చచ్చినవి లెక్కలోకి రావు. గెలిచాక మళ్లీ అదే బాస్‌తో ఆడితే ఒక్క మెట్టే వెనక్కి పెంచుతాను, ఒక్కసారిగా మొత్తం పెంచితే నిన్న గెలిచినవాడు ఇవాళ తేడా పట్టేస్తాడు. హార్డ్ మోడ్‌లో ఇదంతా ఆపేశాను. రెసిడెంట్ ఈవిల్ 4లోనూ మామూలు మోడ్‌లో చాటుగా మారే కష్టం, ప్రొఫెషనల్‌లో పైస్థాయిలోనే నిలిచిపోతుంది.

సంక్రాంతికి పిల్లలు మళ్లీ వచ్చారు. చిన్నవాడు ఆరోసారికి గెలిచాడు. "ఈసారి ఏం మారిందిరా?" అని అడిగాను. "వాడు గద దించినాక రెండేసి, వెనక్కి రావాల మామా. ఇన్నాళ్లూ ఆలస్యంగా వస్తా ఉన్నా" అన్నాడు. పెద్దవాడు పక్కనే కూర్చుని దెబ్బలు లెక్కపెట్టాడు. పన్నెండే.