ఒకే పాము కథ, మూడు నోళ్ళలో: కాకడూలో మా ఐదు రోజులు

జూన్ చివర మెల్‌బోర్న్‌లో బడి సెలవులకి, ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న కాకడూ జాతీయ పార్కు చూద్దామని మేం నలుగురం డార్విన్ విమానం ఎక్కాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, గుంటూరు నుంచి వచ్చి మా దగ్గర ఉన్న మా అత్తయ్య. నేను ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. ఇక్కడి బడుల్లో ఆదివాసుల సృష్టి కథలు పిల్లలకి చెబుతాం. ఇంద్రధనుస్సు పాము బొమ్మ గీయించి రంగులు వేయిస్తాం. ఆ కథ పుట్టిన చోట దాన్ని ఎలా చెబుతారో ఒకసారి వినాలని నాకు చాలాకాలంగా ఉంది. ఈ ప్రయాణంలో అదే కథ మూడు చోట్ల, ముగ్గురి నోట విన్నాం. ఎక్కడ ఉండాలి, ఏ సేవకి డబ్బు పెట్టాలి అన్న నా అభిప్రాయాలన్నీ ఆ మూడింటి తేడాలోంచి వచ్చినవే.

మొదటిది దండగ. కొత్త చోట కారు నడపాలంటే మా ఆయనకి కాస్త టెన్షన్, అందుకని డార్విన్ నుంచి ఒక్క రోజులో వెళ్ళొచ్చే బస్సు టూరు ఎక్కాం. డార్విన్ నుంచి కాకడూ మధ్యలోని జబీరు ఊరికి 250 కిలోమీటర్లు. పోనూ రానూ ఆరు గంటలు బస్సులోనే. డ్రైవరే గైడు. మైకులో పాము కథ రెండు నిమిషాల్లో చెప్పేశాడు: పూర్వం భూమి చదునుగా ఉండేదట, ఒక పాము నిద్రలేచి పాకుతూ పోతే నదులు ఏర్పడ్డాయట, అదే ఆదివాసుల నమ్మకమట. అది ఏ నది? ఎవరి నేల? ఆ పాము పేరేమిటి? మా అమ్మాయి ఇవే అడిగింది. "అందరూ ఇదే చెబుతారు" అన్నాడు. అక్కడే నాకు తేడా కొట్టింది. ఇంద్రధనుస్సు పాము అనే ఉమ్మడి పేరు 1926లో రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అనే మానవ శాస్త్రవేత్త వ్యాసంతో ప్రచారంలోకి వచ్చింది. ఈ దేశంలో వందలాది భాషలున్నాయి, ఒక్కో జాతికి తన పాము ఉంది. పెర్త్ దగ్గర నూంగార్ జనానికి అది వాగల్. కాకడూని ఆనుకుని ఉన్న పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్‌లో కున్‌వింజ్‌కు భాష మాట్లాడేవారికి ఙల్యోద్. అన్నిటినీ కలిపి ఒకే కథ చేస్తే అందులో నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. ఆ పాఠం ఉండేది ఆ చోటులోనే.

మర్నాడు కారు అద్దెకి తీసుకుని జబీరు వెళ్ళాం. దారి తారు రోడ్డే, మామూలు కారు చాలు, అనవసరంగా భయపడ్డాం. పార్కు పాసు పెద్దవాళ్ళకి ఒక్కొక్కరికి 40 డాలర్లు, వారం పాటు చెల్లుతుంది. జబీరులో మొసలి ఆకారంలో కట్టిన హోటల్ ఉంది, పిల్లలకి సరదా. మేం మాత్రం వంటగది ఉన్న క్యాబిన్ తీసుకున్నాం. అత్తయ్య శాకాహారి, అక్కడి హోటళ్ళలో ఆవిడకి బంగాళాదుంప ముక్కలు తప్ప పెద్దగా ఏమీ దొరకవు. బియ్యం, పప్పు, ఆవకాయ డార్విన్ నుంచే తీసుకెళ్ళాం. క్యాబిన్ శుభ్రంగా ఉంది, గోడలు పలుచన, పక్కవాళ్ళ టీవీ వినిపించింది. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు.

రెండోసారి కథ విన్నది ఉబిర్‌లో. జబీరు నుంచి 40 కిలోమీటర్లు. కిలోమీటరు చుట్టుదారిలో రాతి మీద బొమ్మలు. చల్లని నెలల్లో పార్కు రేంజర్లు బొమ్మల దగ్గర నిలబడి ఉచితంగా వివరిస్తారు. వేళలు విజిటర్ సెంటర్‌లో రాసి ఉంటాయి, తప్పకుండా చూసుకోండి. వాళ్ళు లేకుండా చూస్తే అవి ఉత్త బొమ్మల్లాగే ఉంటాయి.

మొదట ఆగింది మబుయు అనే అతని బొమ్మ దగ్గర. మబుయు చేపలు పట్టి తాడుకి గుచ్చి ఈడ్చుకుంటూ వస్తుంటే ఎవరో ఆశపోతు తాడు కోసి చేపలు కాజేశాడు. మబుయు ఏమీ అనలేదు. రాత్రి దొంగలు చేపలు తిని గుహలో పడుకునేదాకా ఆగి, పెద్ద బండతో గుహ నోరు మూసేశాడు. తెల్లారాక ఎవరూ బయటికి రాలేదు. కథ అంతే. రేంజరమ్మ చెప్పడం ఆపి మా అమ్మాయిని అడిగింది: "ఆ గుహలో పిల్లలు కూడా ఉంటే?" మా అమ్మాయి నోరు తెరిచి ఉండిపోయింది. దొంగతనం చేసినవాడు ఒక్కడే అయినా, ఆ చేపలు తిన్నవాళ్ళంతా బాధ్యులే అన్న మాట ఆమె చెప్పలేదు, అడిగి వదిలేసింది. ఆ సాయంత్రమంతా మా అమ్మాయి అదే ఆలోచించింది. నేను క్లాసులో ఈ కథ చెప్పి చివర "కాబట్టి పిల్లలూ, దొంగతనం చేయకూడదు" అనేదాన్ని. అలా అనడం ఇకమీద మానేస్తాను.

పాము బొమ్మ ఇంకాస్త ముందు, విడిగా ఒక రాతి మీద ఉంది. ఎర్ర రంగులో వంపు తిరిగిన పొడవాటి ఒళ్ళు. ఇక్కడి గాగుజు భాషలో ఆ పాము పేరు గరంగరెలి. ఈ నేల మీదుగా పోతూ రాళ్ళని, మొక్కల్ని, జంతువుల్ని, మనుషుల్ని పాడి పుట్టించింది. ఉబిర్ దాటేటప్పుడు, తను ఇటు వచ్చానని జనం మరవకుండా తన బొమ్మ తనే రాతి మీద వేసుకుంది. అంటే ఇది పాముని గుర్తుచేసుకుని ఎవరో వేసిన బొమ్మ కాదు, పాము వదిలిన గుర్తు. మనవాళ్ళు స్వయంభువు అంటారు కదా, అత్తయ్యకి ఆ మాట వెంటనే అర్థమైంది.

ఇక్కడ రేంజరమ్మ ఇంకో సంగతి చెప్పింది. ఈ ప్రాంతపు అతి పాత పాము బొమ్మలు సుమారు 6,000 ఏళ్ళ నాటివని పరిశోధకుల అంచనా. వాటి ముఖం, వంపు సముద్రంలో ఉండే ఒక రకం పైప్‌ఫిష్‌ని పోలి ఉన్నాయని 1996లో కొందరు రాశారు. మంచుయుగం తర్వాత సముద్రం పైకి వచ్చి ఇక్కడి మైదానాల్ని ముంచిన కాలం అది. నీళ్ళు నేలని మింగడం కళ్ళారా చూసిన జనం ఆ చేపలో పాముని చూసి ఉండొచ్చని వాళ్ళ ఊహ. నాకు ఆసక్తిగా అనిపించింది. కానీ ఆమె వెంటనే "ఇది శాస్త్రవేత్తల కథ, ఈ నేలవాళ్ళ కథ వేరు" అని గీత గీసింది. చెప్పే మనిషి మంచివాళ్ళా కాదా అన్నదానికి నేను చూసే గుర్తు ఇప్పుడు అదే. ఏది ఎవరి మాటో విడదీసి చెబుతారా, లేదా?

మూడోసారి విన్నది ఈస్ట్ ఆలిగేటర్ నది మీద, గులుయాంబి పడవలో. ఈ ప్రయాణంలో పెట్టిన డబ్బుల్లో అన్నిటికన్నా విలువైనది ఇదే. గంటా ముప్పావు, గైడ్లు ఆదివాసులే. నదికి అవతల ఆదివాసుల సొంత నేల ఆర్నెమ్ ల్యాండ్, అక్కడ తిరగాలంటే అనుమతి పత్రం కావాలి. పడవవాళ్ళు మాత్రం కాసేపు అవతలి ఒడ్డున దింపి ఈటె విసరడం చూపిస్తారు. ఒడ్డున బురదలో మొసళ్ళు. ముందుగా బుక్ చేసుకోకపోతే సెలవుల్లో దొరకదు.

గైడు పెద్దాయన. మొదటే తను ఎవరి కొడుకో, ఏ నేలకి చెందినవాడో చెప్పాడు. పరిచయం అనుకున్నాను గానీ అది అంతకన్నా ఎక్కువే. ఈ కథ చెప్పే హక్కు తనకి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం అది. ఆయన చెప్పిన కథ ఈ ప్రాంతమంతా వ్యాపించినదే: ఒక అనాథ పిల్లాడు ఏడుస్తున్నాడు. గుడారాల్లో వాళ్ళు ఎవరి పనిలో వాళ్ళున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. ఏడుపు ఆగలేదు. నీటి కింద ఙల్యోద్‌కి వినిపించింది. పైకి లేచి అందరినీ మింగేసింది. వాళ్ళు ఇప్పుడు రాళ్ళు.

"ఆ రాళ్ళు ఎక్కడున్నాయి?" మా అమ్మాయి అడిగింది.

"వేరేవాళ్ళ నేలలో. అది వాళ్ళు చెప్పాలి. నాకు తెలిసినా నేను చెప్పకూడదు" అన్నాడు.

పడవలో ఒకరిద్దరు నిరాశపడ్డారు. నాకైతే ఆ రోజు అందిన పెద్ద పాఠం ఆ మాటే. తర్వాత ఆయన కాస్త విడమరిచాడు. చిన్నపిల్లకి ఈ కథ "నీళ్ళ దగ్గర గోల చేయకు" అని చెబుతుంది. పెళ్ళయిన మనిషికి అదే కథ, తల్లీ తండ్రీ లేని బిడ్డ గుడారంలో అందరి బిడ్డా అని చెబుతుంది. ఇంకా పెద్దయ్యాక ఆ చోటికి తీసుకెళ్ళి, ఆ రాళ్ళ దగ్గర మిగతాది చెబుతారు. కొంత ఆడవాళ్ళకే, కొంత మగవాళ్ళకే. ఒకే కథ మనిషితోపాటు పెరుగుతుంది. మనలాగా ఒకటో తరగతి పుస్తకం ముగించి రెండోది తెరవడం కాదు.

మరి రాతలో లేని కథ మారిపోదా అని మా ఆయన అడిగాడు. దానికి ఆయన జవాబు జుంగ్‌కాయ్ అనే బాధ్యత. నేల తండ్రి వైపు నుంచి వస్తుంది. కానీ ఆ నేల కథల్ని, క్రతువుల్ని సరిగ్గా జరుపుతున్నారో లేదో చూసే బాధ్యత, ఆ వంశపు ఆడపిల్లల బిడ్డలది. చెప్పేవాళ్ళు ఒకరు, సరిచూసేవాళ్ళు వేరొకరు. తప్పు చెబితే మేనల్లుడు ఆపుతాడు. ఈ మాట తెలుగులో వింటే మనకి వింతగా ఉండదు, మన ఇళ్ళలోనూ మేనమామ, మేనల్లుడు మాటకి బరువెక్కువ. వాళ్ళకి ఇది చట్టం.

ఈ సృష్టి కథల కాలాన్ని ఇంగ్లీషులో డ్రీమ్‌టైమ్ అంటారు, ఆ స్వప్నకాలం అన్న మాట కూడా తప్పుదోవ పట్టిస్తుంది. అది పందొమ్మిదో శతాబ్దం చివర మధ్య ఆస్ట్రేలియాలోని అరెర్న్టె జాతి భాషలోని ఒక మాటకి తెల్లవాళ్ళు చేసిన అనువాదం. ఇక్కడివాళ్ళు జాంగ్ అంటారు. అది గడిచిన కాలం కాదు, ఆ చోట్లలో ఇప్పటికీ ఉన్న శక్తి. పాము ఇప్పటికీ నీటిలోనే ఉంది. అందుకే చట్టం ఇప్పటికీ నడుస్తుంది.

ఆ చట్టం ఎలా నడుస్తుందో నాలుగో రోజు బురుంగ్‌కుయ్ దగ్గర చూశాం. మ్యాపుల్లో నర్లాంజీ అని ఉంటుంది. అక్కడి గోడ మీద మెరుపు మనిషి నమర్గోన్, మోకాళ్ళకీ మోచేతులకీ రాతి గొడ్డళ్ళతో. పక్కనే నమొంజోక్. వంశం వరసలో అక్కచెల్లెలయ్యే ఆమెతో తప్పు చేసినవాడు. దగ్గర్లోని ఎత్తు నుంచి చూస్తే కొండ అంచున ఒంటరిగా ఒక బండ కనిపిస్తుంది. తప్పు చేశాక అతను తీసిన ఈక అది. పూర్వం అక్కడ పెరిగిన పిల్లలు వేటకి పోతూ ఆ బండని చూసేవాళ్ళు. వరస తప్పకూడదని వాళ్ళకి ఎవరూ ప్రత్యేకంగా పాఠం చెప్పక్కర్లేకపోయేది. అత్తయ్య ఆ బండ వంక చాలాసేపు చూసి "మనకి గోత్రం అడిగితే గానీ తెలియదు, వీళ్ళకి కొండే చెబుతోంది" అన్నారు.

చివరి రాత్రి పార్కులోనే ఉన్న కూయిండాలో గడిపాం. ఖరీదు ఎక్కువ. కానీ తెల్లవారుజామున యెల్లో వాటర్ మడుగులో పడవ ఎక్కాలంటే అక్కడ ఉండడమే మేలు, లేదంటే జబీరు నుంచి చీకట్లో, అడవి గేదెలు అడ్డొచ్చే దారిలో 55 కిలోమీటర్లు నడపాలి. పక్కనే వరజాన్ సాంస్కృతిక కేంద్రం ఉంది, గుండ్రంగా తాబేలు ఆకారంలో. దానికి రెండు గంటలైనా ఉంచుకోండి, మేం నలభై నిమిషాలే ఉంచుకుని పొరపాటు చేశాం.

మేం చూడలేకపోయింది ఒకటుంది. నమర్గోన్ పిల్లలు అల్యుర్ అనే నారింజ, నీలం రంగుల మిడతలు. తొలి ఉరుములు మొదలయ్యే గునుమెలెంగ్ ఋతువులో, అంటే అక్టోబరు తర్వాత, అవి బయటికి వస్తాయి. మేం వెళ్ళింది చలి ఋతువు వుర్గెంగ్‌లో. వానాకాలం దగ్గరపడ్డాక ఉక్క భరించలేమని, కొన్ని దారులు మూసేస్తారని రేంజరమ్మ ముందే చెప్పింది. అయినా మా అమ్మాయి నవంబరులో మళ్ళీ వెళ్దామంటోంది. పడవలో పెద్దాయన మిగతా కథ చెప్పడానికి తను ఇంకా ఎన్నేళ్ళు పెరగాలో కూడా అడగాలట.