నెల మధ్యలో ట్యూషన్ మానేస్తే రీఫండ్: రోజుల లెక్క మేలా, క్లాసుల లెక్క మేలా?

ఇంటి నుంచి ఆన్‌లైన్ ట్యూషన్ చెప్పేవాళ్లు ఈమధ్య నన్ను పదేపదే అడుగుతున్నారు: "మేడం, పిల్లాడు నెల మధ్యలో మానేస్తే ఎంత వెనక్కివ్వాలి?" నేను విజయనగరంలో మా ఇంటి నుంచే హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను. మొన్న జూన్‌లో నా రూల్స్ అన్నీ తిరగరాసుకున్నాను కాబట్టి ఆ లెక్క ఇక్కడ పెడుతున్నాను.

అంతకుముందు నా దగ్గరున్నది ఒక్క వాక్యమే: "కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వబడదు." రాయడం తేలికే కానీ, అది చూసి కొత్తవాళ్లు మొదటి నెల కట్టడానికే వెనకాడేవారు. చెప్పని క్లాసులకు కూడా డబ్బు ఉంచేసుకుంటే, వినియోగదారుల రక్షణ చట్టం కింద ఎవరైనా ఫిర్యాదు చేసినప్పుడు ఆ వాక్యం మనల్ని కాపాడుతుందన్న నమ్మకం లేదు. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాలు, మధ్యలో మానేసినవాళ్లకు మిగిలిన కాలానికి తగ్గ ఫీజు పది రోజుల్లో వెనక్కివ్వాలంటాయి. అవి 50 మందికి మించి పిల్లలున్న సెంటర్లకే. అయినా ఆ పది రోజుల గడువు న్యాయంగా అనిపించి నేనూ పెట్టుకున్నాను.

ఇక అసలు పోటీ రోజుల లెక్కకీ క్లాసుల లెక్కకీ మధ్యే.

నెలకు 12 క్లాసులు, ఫీజు 2,400 అనుకుందాం. ఒకటో తేదీ సోమవారం. సోమ, బుధ, శుక్రవారాల్లో క్లాసు. 18వ తేదీ రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసి రేపట్నుంచి మానేస్తామంది. అప్పటికి ఎనిమిది క్లాసులు జరగాలి. గాలివాన వచ్చి మా వీధిలో కరెంటు లేక రెండు నేనే ఆపేశాను. ఒకదానికి పిల్లాడు చెప్పకుండా రాలేదు. చెప్పినవి ఐదు.

రోజుల లెక్కన 30 రోజుల్లో 12 మిగిలాయి, అంటే 960 రూపాయలు. క్లాసుల లెక్కన చెప్పినవి ఐదు, పిల్లాడు చెప్పకుండా ఎగ్గొట్టినది ఒకటి, మొత్తం ఆరు వాడుకున్నట్టు. మిగిలిన ఆరింటికి క్లాసుకు 200 చొప్పున 1,200. తేడా 240 రూపాయలు. నేను ఆపేసిన క్లాసుల భారం కొంత రోజుల లెక్కలో ఆ తల్లి మీద పడిపోతోంది. గొడవలు మొదలయ్యేది అక్కడే. రికార్డు చేసిన వీడియోలు, ఎప్పుడైనా డౌట్లు అడిగే వసతి అమ్మేవాళ్లకు రోజుల లెక్క సరిపోతుంది. టైము పెట్టుకుని చెప్పే క్లాసులకు మాత్రం అది నప్పదు.

అయితే క్లాసుల లెక్క నిలబడాలంటే, "వాడుకున్న క్లాసు" అంటే ఏమిటో ముందే రాసి ఉండాలి. నా దృష్టిలో మొత్తం పాలసీకి ఆయువుపట్టు ఇదే. క్లాసుకు ఆరు గంటల ముందు మెసేజ్ పెడితే ఆ క్లాసు లెక్కలోకి రాదు, ఇంకో రోజు చెబుతాను. ఆ తర్వాత పెడితే వాడుకున్నట్టే. పిల్లాడి వైపు నెట్ పోతే? 20 నిమిషాలు దాటి క్లాసు జరిగి ఉంటే అయిపోయినట్టే, లేకపోతే మళ్లీ చెబుతాను. మా ఊళ్లో సిరిమానోత్సవం మంగళవారం ఎవరూ క్లాసుకు కూర్చోరు. అలాంటి సెలవులు నెల మొదట్లోనే చెప్పేసి ఆ 12లోకి రానివ్వను.

దీనికి ఖర్చయ్యేది కాస్త ఓపిక. తేదీ, జరిగిందా, జరగకపోతే ఎవరివల్ల అన్న మూడు గళ్ల షీటు రాసి, శనివారం రాత్రి తల్లిదండ్రులకు ఫొటో పంపిస్తాను. తప్పుంటే ఆ వారమే చెబుతారు.

కొందరు రీఫండ్ బదులు వచ్చే నెలకు సర్దుతామంటారు. కొనసాగేవాళ్లకు అది బాగానే ఉంటుంది, మానేసేవాళ్లకు ఉపయోగం లేదు.

ఇప్పుడు నేను డబ్బు తీసుకునేముందు పంపే మాటలు ఇవి:

"ఎప్పుడైనా మానేయవచ్చు. మెసేజ్ పెట్టిన సమయమే లెక్క. మిగిలిన క్లాసులకు, క్లాసుకు 200 రూపాయల చొప్పున, పది రోజుల్లో వెనక్కి ఇస్తాను. ఆరు గంటల ముందు చెప్పకుండా మానిన క్లాసు అయిపోయినట్టే. నేను ఆపిన క్లాసు ఎప్పుడూ మీ ఖాతాలో పడదు. డబ్బు ఏ నంబరు నుంచి వచ్చిందో ఆ నంబరుకే తిరిగి పంపుతాను."

చివరి వాక్యం అనుభవంతో చేర్చింది. ఫీజు మేనమామ కట్టాడు, వెనక్కి అడిగింది తండ్రి. ఎవరికి పంపాలో తేలక నాలుగు రోజులు టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ఈ మెసేజ్‌కి వాళ్ల నుంచి "సరే" అని వచ్చాకే క్యూఆర్ కోడ్ పంపుతున్నాను.