ఫోన్‌లో యాక్షన్ గేములకి టచ్ చాలా, గేమ్‌ప్యాడ్ కొనాలా? వైజాగ్ ఉక్కలో రెండూ వాడాక

గేమ్‌ప్యాడ్ కొనమంటావా అని ఎవరైనా అడిగితే, ఏ గేమ్ ఆడతావని తిరిగి అడుగుతాను. బీజీఎంఐ ఒక్కటే ఆడేవాళ్లు ఈ సమీక్ష ఇక్కడే వదిలేయొచ్చు. ఆ గేమ్‌లో గేమ్‌ప్యాడ్‌కి అధికారికంగా చోటు లేదు. ప్యాడ్ నొక్కుల్ని స్క్రీన్ మీద వేలి తాకిడిలా మార్చే యాప్‌లు ఉన్నాయి గానీ, వాటిని పెట్టుకుంటే అకౌంట్ మీద వేటు పడే ప్రమాదం ఉంది. స్కిన్లకి డబ్బు పోసిన అకౌంట్‌తో ఆ ప్రయోగం చేయమని నేను చెప్పను. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్, డెడ్ సెల్స్ లాంటివి మాత్రం ప్యాడ్‌ని లోపలి నుంచే గుర్తిస్తాయి. రెండేళ్లకు పైగా నేను ఎక్కువగా ఆడినవి ఈ రెండే, కాబట్టి చెప్పేదంతా వీటి గురించే.

మొదట డెడ్ సెల్స్. పక్క నుంచి చూసే కత్తియుద్ధం గేమ్ ఇది. శత్రువు కత్తి ఎత్తిన క్షణంలో అటు దొర్లాలి, లేదా డాలు అడ్డం పెట్టాలి. టచ్‌లో ఎడమ బొటనవేలి కింద ఉండేది గీసిన వలయం మాత్రమే. దానికి అంచు లేదు, మధ్య ఎక్కడుందో వేలికి తెలియదు. రెండు నిమిషాలు గట్టిగా ఆడేసరికి వేలు మెల్లగా పక్కకి జరుగుతుంది. కళ్లు శత్రువు మీద ఉంటాయి కాబట్టి ఆ సంగతి మనకి తెలియదు. అప్పుడు కుడికి దొర్లమంటే మనిషి నిలబడిన చోటే దెబ్బ తింటాడు. ప్యాడ్‌లో స్టిక్ వదిలితే దానంతట అదే మధ్యకి వస్తుంది, బటన్ పడిందో లేదో వేలికి తెలుస్తుంది. ఈ గేమ్‌కి ప్యాడ్ కట్టాక నేను మళ్లీ టచ్ జోలికి పోలేదు. అసలు టచ్ మీదే ఆడాలనుకునేవాళ్ల కోసం గేమ్‌లోనే ఆటో హిట్ పద్ధతి పెట్టారు, శత్రువు దగ్గరికి వెళ్తే దెబ్బ దానంతట అదే పడుతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు కోసం చూస్తూ ఆడుకోవడానికి అది చక్కగా సరిపోతుంది.

కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్‌లో కథ తిరగబడుతుంది. గురిపెట్టడంలో టచ్‌కి పెద్ద బలం ఉంది: ఫోన్‌లోని జైరోస్కోప్. స్క్రీన్ మీద వేలితో దాదాపు గురి తెచ్చి, మిగిలిన వెంట్రుకవాసి తేడాని ఫోన్‌ని కొంచెం వంచి సరిదిద్దుకోవచ్చు. ప్యాడ్ పట్టుకున్నామంటే ఫోన్ స్టాండ్ మీద కదలకుండా ఉంటుంది, కాబట్టి ఆ సౌకర్యం పోయినట్టే. కుడి స్టిక్‌తో దూరంలో ఉన్న తలని పట్టుకోవడం అలవాటు పడేదాకా విసుగే. దానికి బదులు, పరిగెత్తుతూ, జారుతూ, కాలుస్తూ ఒకేసారి అన్నీ చేయడం ప్యాడ్‌తో సులువు. టచ్‌లో అదే పని చేయాలంటే నాలుగు వేళ్లతో పట్టు నేర్చుకోవాలి. నేను నేర్చుకున్నాను. వేళ్లు నొప్పి పుట్టే మాట నిజమే అయినా, ఈ గేమ్ వరకు నా ఓటు టచ్ ప్లస్ జైరోకే. ఇంకో మాట: ఇక్కడ ప్యాడ్ పనిచేసేది మ్యాచ్ లోపలే. మ్యాచ్‌కి ముందు లాబీలో తుపాకీలు ఎంచుకోవడం, మెనూల్లో తిరగడం అంతా మళ్లీ వేలితోనే. ప్యాడ్ పెట్టి మల్టీప్లేయర్‌లోకి వెళ్తే ఎదుట పడేది కూడా ప్యాడ్ వాళ్లే, కాబట్టి టచ్ వాళ్ల మీద సులువుగా నెగ్గేయొచ్చన్న ఆశ పెట్టుకోవద్దు.

ఈ లెక్కలో వైజాగ్ వాతావరణం వేలు పెడుతుంది. ఏప్రిల్ దాటితే పెద వాల్తేరులో మా గదిలో ఫ్యాన్ తిరుగుతున్నా చేతులు ఆరవు. చెమట బొట్టు కూడా విద్యుత్తుని మోస్తుంది కాబట్టి స్క్రీన్ దాన్నీ వేలు అనుకుంటుంది. మనం ముట్టని చోట తుపాకీ పేలుతుంది, లేదా ముట్టినా గేమ్‌లో కెమెరా ఆగి ఆగి కదులుతుంది. పౌడర్ రాసుకుంటే పది నిమిషాలు బాగుంటుంది, ఆ తర్వాత చెమటతో కలిసి స్క్రీన్ మీద పేస్టు అవుతుంది. వెండి దారం నేసిన బొటనవేలి తొడుగులు నయం. జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు మొబైల్ సామాన్ల షాపుల్లో దొరుకుతాయి, ధర కూడా పెద్దగా ఉండదు. అవి తడిసి బరువెక్కగానే మార్చాలి, అందుకే రెండు జతలు ఉంచుకుంటాను. ప్యాడ్‌కి చెమట సమస్య లేదు. పైగా ఫోన్‌ని చేత్తో పట్టుకోం కాబట్టి దాని వేడి కూడా తగ్గుతుంది. టచ్‌లో అరగంటకి స్క్రీన్ వెలుగు దానంతట అదే తగ్గిపోయే నా ఫోన్, స్టాండ్ మీద ఫ్యాన్ గాలికి పెడితే అంత త్వరగా మసకబారదు.

ఇక జత చేయడం. నా దగ్గరున్నది ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ కంట్రోలర్. అయిదు వేలు పైమాటే, అందుకే ముందు ఎవరిదైనా అడిగి ఆడి చూసి కొనండి. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటే ఒకటి గమనించాలి: పాత ఎక్స్‌బాక్స్ వన్ ప్యాడ్లలో కొన్నింటికి బ్లూటూత్ లేదు. మధ్యనున్న ఎక్స్‌బాక్స్ బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్, పైభాగంలోని మెరిసే ముక్కతో కలిసి ఉంటే అది బ్లూటూత్ లేని రకం. ముందుభాగంతో ఒకే ముక్కగా కలిసి ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు.

ఎక్స్‌బాక్స్ బటన్ నొక్కి ప్యాడ్ ఆన్ చేయండి. పైన కేబుల్ పెట్టే రంధ్రం పక్కన ఒక చిన్న గుండ్రటి బటన్ ఉంటుంది, దాన్ని మూడు సెకన్లు అదిమి పట్టండి. ఎక్స్‌బాక్స్ దీపం గబగబా కొట్టుకోవాలి. నెమ్మదిగా కొట్టుకుంటుంటే అది పాత పరికరం కోసం వెతుకుతోందని అర్థం, ఆ బటన్ మళ్లీ పట్టుకోవాలి. ఇప్పుడు ఫోన్‌లో Settings, అందులో Connected devices, అందులో Pair new device. కొన్ని కంపెనీల ఫోన్లలో నేరుగా Bluetooth అనే ఉంటుంది. జాబితాలో Xbox Wireless Controller అని కనిపించగానే నొక్కండి. దీపం నిలకడగా వెలిగితే పని అయినట్టే. ప్లేస్టేషన్ 4 ప్యాడ్ అయితే SHARE, PS బటన్లు రెండూ కలిపి పట్టుకోవాలి, పైనున్న లైట్ బార్ జంట మెరుపులు మెరుస్తుంది, ఫోన్‌లో Wireless Controller అని వస్తుంది. ఐఫోన్‌లో బ్లూటూత్ ఉన్న ఎక్స్‌బాక్స్ వన్ ప్యాడ్, ప్లేస్టేషన్ 4 ప్యాడ్ ఐఓఎస్ 13 నుంచి పనిచేస్తాయి.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో అయితే ప్యాడ్ పనిచేస్తోందో లేదో గేమ్ తెరవకముందే హోమ్ స్క్రీన్ మీద చూసుకోవచ్చు. ప్యాడ్ మీది బాణాల బటన్ నొక్కితే ఒక ఐకాన్ చుట్టూ వెలుగు గడి వస్తుంది, A నొక్కితే అది తెరుచుకుంటుంది, B నొక్కితే వెనక్కి వస్తుంది. షాపులో కొనేటప్పుడు కూడా నేను ఇదే చేస్తాను. స్టిక్ ముట్టకుండానే ఆ గడి దానంతట అదే జరుగుతుంటే ఆ ముక్క తీసుకోవద్దు.

గాజువాకలో ఉండే మా బాబాయి కొడుకు పేరు లేని చవక ప్యాడ్ ఒకటి కొన్నాడు. జత చేసిన సాయంత్రమే ఫోను. "ఏటన్నయ్యా ఇది, దూకమంటే కొడతాంది, కొట్టమంటే దూకతాంది!" అలాంటి ప్యాడ్లకి ఒక్కో పరికరానికి ఒక్కో మోడ్ ఉంటుంది. వీడిది నింటెండో స్విచ్ మోడ్‌లో జతైంది, ఆ మోడ్‌లో A, B స్థానాలు మారిపోతాయి, X, Y కూడా అంతే. "ఒరేయ్, ముందు ఫోన్‌లో దాని పేరు మీద Forget కొట్టు. ప్యాడ్ ఆపేసి, డబ్బాలో వచ్చిన కాగితంలో ఆండ్రాయిడ్ మోడ్‌కి ఏ రెండు బటన్లు కలిపి పట్టుకోమన్నాడో చూసి మళ్లీ మొదలెట్టు" అన్నాను. అప్పుడు సరిగ్గా వచ్చింది. Forget చేయకుండా మోడ్ మాత్రం మారిస్తే ఫోన్ పాత లెక్కనే పట్టుకుని కూర్చుంటుంది, చాలామంది అక్కడే ప్యాడ్ పాడైందనుకుంటారు. ఆ చవక ప్యాడ్ ఎడమ స్టిక్ ఆ తర్వాత కొన్నాళ్లకి దానంతట అదే ఎడమకి లాగడం మొదలైంది. గేమ్‌లో డెడ్ జోన్, అంటే స్టిక్ కొంచెం కదిలినా గేమ్ పట్టించుకోని మేర, పెంచితే లాగడం ఆగింది గానీ, మెల్లగా నడిచే వీలు పోయింది. ఇప్పుడు కొనేవాళ్లు స్టిక్ హాల్ ఎఫెక్ట్ రకమా అని అడగండి. అది అయస్కాంతంతో పనిచేస్తుంది, లోపల రాపిడికి అరిగే భాగం ఉండదు, కాబట్టి ఈ రోగం రావడం అరుదు.

ప్యాడ్ జత అయ్యాక కూడా ఆట ఆలస్యంగా స్పందిస్తోందంటే, దేనివల్లో విడదీసి చూడాలి. మనిషి కదలిక సరిగ్గా ఉండి తుపాకీ చప్పుడు మాత్రం ఆలస్యంగా వస్తే తప్పు బ్లూటూత్ ఇయర్‌ఫోన్లది, వైరువి పెట్టుకుంటే తీరిపోతుంది. శత్రువులు ఒక చోట మాయమై ఇంకో చోట తేలుతుంటే అది నెట్. స్టిక్ వదిలేసినా మనిషి ఇంకో రెండడుగులు వేస్తే మాత్రం ప్యాడ్ సంకేతం దారిలో చిక్కుకుంటోందన్నమాట. బ్లూటూత్, మామూలు వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే తిరుగుతాయి. మా అపార్ట్‌మెంట్‌లో గోడ గోడకీ ఒక రూటర్ ఉంది. నా ఫోన్‌ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చాక ఆ అదనపు అడుగులు ఆగిపోయాయి. మీ రూటర్‌లో అది లేకపోతే మొబైల్ డేటా పెట్టి ఒక మ్యాచ్ ఆడి చూడండి, తేడా తెలిసిపోతుంది.

ఫోన్‌ని ప్యాడ్ మీద బిగించే క్లిప్ గురించి కూడా ఒక ముక్క. బల్ల లేని చోట పనికొస్తుంది గానీ, పెద్ద ఫోన్ పెడితే బరువంతా ముందుకు పడి మణికట్టు లాగుతుంది. దాని కోరలు సరిగ్గా పవర్ బటన్ మీద పడితే మ్యాచ్ మధ్యలో స్క్రీన్ ఆగిపోతుంది. ఫోన్‌ని ఒక అంగుళం పక్కకి జరిపి, వాల్యూమ్ బటన్ కూడా తప్పించి బిగించుకోవాలి. ఇంట్లో అయితే నూట యాభై రూపాయల స్టాండ్ దీనికంటే హాయి.

నా ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో రెండు ఏఏ సెల్స్ పడతాయి, రీచార్జబుల్‌వి కూడా చక్కగా నడుస్తాయి. సముద్రం దగ్గర ఉన్నవాళ్లు ఊరెళ్లేటప్పుడు సెల్స్ తీసి పక్కన పెట్టండి. ఒకసారి దసరా సెలవులయ్యాక మూత తీస్తే స్ప్రింగ్ మీద పచ్చటి పొర కట్టి ఉంది. నిమ్మరసంలో ముంచిన ఇయర్ బడ్‌తో రుద్ది, తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక సెల్స్ వేస్తే మళ్లీ వెలిగింది.