పై ఈల్డా, కింది ఈల్డా, 0.2 శాతం గీతా? మైల్డ్ స్టీల్‌కు ఏది మేలు

కిందటి నెల మడికొండలో ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపే ఒకాయన రెండు టెస్ట్ రిపోర్టులు పట్టుకుని హన్మకొండలో మా ఇంటికొచ్చారు. ఒకే నల్ల రాడ్డులోంచి కోసిన రెండు ముక్కల్ని రెండు చోట్ల లాగించారు. ఒకదాంట్లో ఈల్డ్, అంటే స్టీల్ మళ్లీ వెనక్కి రానంతగా సాగడం మొదలయ్యే ఒత్తిడి, 275 మెగాపాస్కల్ అని ఉంది, రెండోదాంట్లో 310. "గీ రెండింట్ల ఏది నమ్మాలె సార్? రాడ్డు ఒక్కటే గదా" అని అడిగారు.

రెండు గ్రాఫులూ బల్ల మీద పక్కపక్కన పరిచాం. ముక్క కొలతలు రెండింటికీ ఒకటే: 10 మి.మీ. వ్యాసం, అంటే 78.5 చదరపు మి.మీ. వైశాల్యం, 50 మి.మీ. గేజ్ లెంగ్త్, అంటే సాగుడు కొలవడానికి ముక్క మీద పెట్టిన రెండు గుర్తుల మధ్య దూరం.

మొదటి గ్రాఫులో గీత నిటారుగా లేచి 23.2 కిలోన్యూటన్ల దగ్గర ఒక చిన్న ముక్కులా మొన తేలింది. అక్కడ టక్కున కిందికి జారి, 21.6 దగ్గర సన్నగా వణుకుతూ కొంతదూరం అడ్డంగా నడిచింది. ఆ తర్వాతే మళ్లీ పైకెక్కింది. మొన దగ్గర బరువును వైశాల్యంతో భాగిస్తే 295 మెగాపాస్కల్ వస్తుంది. ఇది పై ఈల్డ్, స్క్రీన్ మీద ReH అని కనిపిస్తుంది. అడ్డంగా నడిచిన చోట 275. ఇది కింది ఈల్డ్, ReL.

ఆ ముక్కు ఎందుకు వస్తుందో తెలిస్తే ఏ అంకెను నమ్మాలో సగం తేలిపోతుంది. మైల్డ్ స్టీల్ లోపల కార్బన్, నైట్రోజన్ పరమాణువులు, స్ఫటికంలో వరస తప్పిన చోట్లైన డిస్‌లొకేషన్ల చుట్టూ చేరి వాటిని కదలనివ్వకుండా పట్టేసి ఉంచుతాయి. ఆ పట్టు మొదటిసారి తెగడానికి ఎక్కువ బలం కావాలి. తెగాక నడవడానికి అంత అక్కర్లేదు. పట్టు ఒక మూల తెగి, అక్కడి నుంచి పట్టీలాగా ముక్క పొడవునా పాకుతుంది. వీటినే లూడర్స్ బ్యాండ్లు అంటారు. పైపొర తియ్యని ఫ్లాట్ ముక్కను లాగితే ఇది కళ్లారా చూడొచ్చు. బరువు ఆగిన క్షణంలో నల్లటి పొలుసు ఏటవాలు చారలుగా పగిలి, కింది గ్రిప్ మీదికి పొడిలా రాలుతుంది. చార పాకుతున్నంతసేపూ గ్రాఫు అడ్డంగానే ఉంటుంది. ముక్క అంతా నిండాకే గీత లేస్తుంది.

అందుకే పై ఈల్డ్ నిలకడగా ఉండదు. ముక్క గ్రిప్పుల్లో కాస్త వంకరగా కూర్చున్నా, లేతు మీద తిప్పినప్పుడు భుజం దగ్గర గాటు పడినా, ఒక మూల ముందే తెగి మొన తగ్గిపోతుంది. వేగంగా లాగితే మొన పెరుగుతుంది. కింది ఈల్డ్‌కూ వేగం తగులుతుంది గానీ, వంకరకూ గాట్లకూ అది అంతగా లొంగదు. ఒక జాగ్రత్త: మొన నుంచి పడగానే గీత ఒక్కసారి బాగా లోతుకు దిగి తేలితే, ఆ మొదటి గుంటను వదిలేసి, తర్వాత నడిచిన భాగంలో అతి తక్కువ అంకెను తీసుకోవాలి.

ఇక రెండో రిపోర్టులోని 310. అందులో 0.2 శాతం ఆఫ్‌సెట్ గీత గీశారు, అంటే 0.2 శాతం సాగుడు దగ్గర మొదలుపెట్టి గ్రాఫు తిన్నటి భాగానికి సమాంతరంగా గీత లాగి, అది గ్రాఫుకు తగిలిన చోటును ఈల్డ్‌గా తీసుకున్నారు. పద్ధతి మంచిదే, తప్పు దాన్ని గీసిన గ్రాఫులో ఉంది. అడ్డ అక్షం మీద ఉన్నది క్రాస్‌హెడ్, అంటే ముక్కను లాగే మిషన్ అడ్డదూలం, కదిలిన దూరం.

275 మెగాపాస్కల్ దగ్గర ఈ ముక్క గేజ్‌లో నిజంగా సాగేది సుమారు 0.07 మి.మీ., కాగితం మందం కూడా ఉండదు. 0.2 శాతం అంటే 50 మి.మీ.లో 0.1 మి.మీ. కానీ ఆ గ్రాఫులో ఈల్డ్ వచ్చేసరికి క్రాస్‌హెడ్ 1.8 మి.మీ. కదిలింది. మిగతాదంతా గ్రిప్పులు కొరుక్కోవడం, ముక్క చివరలు, మిషన్ ఫ్రేమ్ సాగడం. అందుకే గీత మొదట్లో తోకలా బద్ధకంగా వంగి, తర్వాత నిలబడింది. ఎవరో ఆ తోక వాలునే పట్టుకుని సమాంతర గీత లాగారు. వాలు సగానికి సగం తక్కువ కాబట్టి గీత పక్కకు వాలి, అడ్డంగా ఉన్న భాగాన్ని దాటేసి, గట్టిపడుతున్న భాగంలో 310 దగ్గర తగిలింది. ముక్కులోని మొన 295 అని అదే గ్రాఫులో కనబడుతుండగా ఈల్డ్ దానికన్నా ఎక్కువ ఎలా ఉంటుంది? తప్పు పట్టడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. తిన్నటి భాగం వాలును లెక్కగట్టి చూడండి. స్టీల్‌కు 200 గిగాపాస్కల్ దగ్గర రావాలి. పది, ఇరవై వస్తే అది ముక్క మీదే బిగించి సాగుడు కొలిచే ఎక్స్‌టెన్సోమీటర్ గ్రాఫు కాదు.

అదే ముక్కకు ఎక్స్‌టెన్సోమీటర్ బిగించి 0.2 శాతం గీత గీస్తే ఎక్కడ తగులుతుంది? అడ్డంగా నడిచే భాగం మీదే, అంటే 275 దగ్గరే. నల్ల రాడ్డుకు ఆ శ్రమ కొత్తగా చెప్పేదేమీ లేదు. కాబట్టి నా మాట ఇది: వేడిగా రోల్ చేసిన మైల్డ్ స్టీల్‌కు కింది ఈల్డ్ మేలు. డిజైన్ లెక్కకు దాన్నే తీసుకుంటాను. కొనుగోలు పత్రం పై ఈల్డ్ అడిగితే అదే రాయాలి, కానీ పక్కన ఏది రాశామో తప్పకుండా చెప్పాలి. స్టీల్‌కు భారతీయ ప్రమాణమైన IS 2062 లో E250 గ్రేడుకు 20 మి.మీ. లోపు మందంలో కనీసం 250 కావాలి. ఈ రాడ్డు ఎలా చదివినా గట్టెక్కింది. 240 దగ్గర ఉండే రాడ్డయితే, తప్పు గీత చెడ్డ సరుకును కూడా దాటించేది.

ఆయన దగ్గర బ్రైట్ బార్ రిపోర్టు కూడా ఉంది, పిన్నుల కోసం లాగించినది. అక్కడ లెక్క తిరగబడుతుంది. చల్లగా లాగిన బార్‌లో ఆ పట్టు ముందే తెగిపోయి ఉంటుంది, ముక్కూ రాదు, అడ్డ గీతా రాదు. వంపు మెల్లగా తిరిగిపోతుంది. అక్కడ 0.2 శాతం గీత తప్ప దారి లేదు, దానికి ఎక్స్‌టెన్సోమీటర్ తప్ప దారి లేదు. ఆ బార్‌కు 0.2 శాతం గీత తగిలిన చోట 460 ప్రూఫ్ స్ట్రెస్, గరిష్ఠంగా 540 అల్టిమేట్, సాగుడు 13 శాతం వచ్చాయి.

అల్టిమేట్ విషయంలో గొడవే లేదు. గరిష్ఠ బరువు క్రాస్‌హెడ్ గ్రాఫులో చూసినా ఒకటే. నల్ల రాడ్డుకు 34.2 కిలోన్యూటన్లు, అంటే 435 మెగాపాస్కల్. కావాల్సింది 410. ఆ తర్వాత గీత దిగడం స్టీల్ బలహీనపడటం వల్ల కాదు, తెగబోయే చోట, అంటే నెక్ దగ్గర, ముక్క సన్నబడుతున్నా మనం పాత వైశాల్యంతోనే భాగిస్తున్నాం కాబట్టి.

సాగుడును మాత్రం గ్రాఫులోంచి తియ్యొద్దు, విరిగిన ముక్కల్ని కలిపి గుర్తుల మధ్య కొలవండి. నల్ల రాడ్డులో 50 కాస్తా 65.5 అయింది, 31 శాతం. కావాల్సింది 23. అందులో 10 మి.మీ. ముక్క అంతటా సమంగా సాగినది, 5.5 నెక్ ఒక్కదానిదే. గేజ్ 100 పెడితే నెక్ వాటా అంతే ఉంటుంది, సమంగా సాగినది 20 అవుతుంది, మొత్తం 25.5 శాతమే కనిపిస్తుంది. స్టీల్ మారలేదు, గేజ్ మారింది. అందుకే గేజ్ పొడవు రాయని సాగుడు అంకెతో పోలిక పెట్టొద్దు.

ఆయన లేచేటప్పుడు 310 ఉన్న రిపోర్టు మీద పెన్నుతో అడ్డ గీత కొట్టి, పక్కన "కింది ఈల్డ్ 275, గేజ్ 50" అని రాసుకున్నారు.